అలాట్‌మెంట్ ఆర్డర్ పెట్టాం, అయినా లోను ‘ఆన్ హోల్డ్’

సార్, నమస్తే. మాది నర్సంపేట దగ్గర ఊరు. మూడెకరాల్లో మిర్చి, మక్క వేస్తాను. మా బిడ్డకు ఎప్‌సెట్‌లో 31 వేల ర్యాంకు వచ్చింది, బీసీ-డీ. మొదటి విడతలోనే హన్మకొండ దగ్గరి కాలేజీలో కన్వీనర్ కోటాలో సీఎస్ఈ (ఏఐ అండ్ ఎంఎల్) సీటు వచ్చింది. ట్యూషన్ ఫీజు ఏడాదికి లక్షా ఐదు వేలు, హాస్టల్ 75 వేలు అన్నారు. నెట్ సెంటర్‌లో విద్యాలక్ష్మిలో లోనుకు అప్లికేషన్ వేయించాం. కాలేజీ పేరు కొడితే రెండు మూడు వచ్చాయి, అబ్బాయి ఒకటి నొక్కాడు. కోర్సు ‘కంప్యూటర్ సైన్స్’ అని, మొత్తం ఖర్చు నాలుగు లక్షలు అని పెట్టాడు. అలాట్‌మెంట్ ఆర్డర్ ఫోన్‌లో ఫోటో తీసి అప్‌లోడ్ చేశాం. ఇరవై రోజులైంది, On Hold అని చూపిస్తోంది. అది పోయినట్టేనా? ఇంకో అప్లికేషన్ కొత్తగా వేయమంటారా?
– ఒక తండ్రి, నర్సంపేట

అన్నా, కొత్తది వేయకండి. On Hold అంటే మీ ఫైలు బ్యాంకు చేతిలోనే ఉంది, ఏదో కాగితం దగ్గరో ఏదో వివరం దగ్గరో ఆగింది అని అర్థం. తిరస్కరిస్తే Rejected అని వేరేగా కనిపిస్తుంది. ఇప్పుడు రెండోది వేస్తే ఒకే పేరు మీద రెండు ఫైళ్లు తిరుగుతాయి, ఏది అసలైనదో తేలేదాకా రెండూ ఆగుతాయి. వరంగల్ జిల్లాలో బ్యాంకు లోన్ల సీట్లో చాలా ఏళ్లు కూర్చున్నాను కాబట్టి, మీ అప్లికేషన్ ఎక్కడ ఆగిందో ఉత్తరం చదువుతుంటేనే కొంత తెలిసిపోయింది. ఒక్కచోట కాదు, నాలుగు చోట్ల ఆగి ఉంటుంది.

ముందు ఆ సీట్లో కూర్చున్న మనిషి ఏం చేస్తాడో చెబుతాను. పోర్టల్‌లో మీరు నింపినది ఒక పక్కన పెట్టుకుంటాడు. ఇంకో పక్కన అలాట్‌మెంట్ ఆర్డర్, కాలేజీ ఇచ్చిన బోనఫైడ్, ఫీజు స్ట్రక్చర్ పెట్టుకుంటాడు. కాలేజీ పేరు, కోర్సు పేరు, ఎన్నేళ్లు, ఏ కోటా, ఏ ఏడాదికి ఎంత అనేవి అన్నింట్లో ఒకేలా ఉన్నాయా అని చూస్తాడు. ఒకటి తేడా కొట్టినా ముందుకు జరపడు. అతనికి మీ మీద అనుమానం ఉండి కాదు. శాంక్షన్ అయ్యాక ఫీజు డబ్బు మీ చేతికి రాదు, నేరుగా కాలేజీ ఖాతాకు వెళ్తుంది. ఏ కాలేజీకి, ఏ కోర్సుకు అని కాగితం చెప్పాలి తప్ప మాట చెబితే సరిపోదు.

కాలేజీ సంగతి చూద్దాం. పేరు కొడితే రెండు మూడు వచ్చాయన్నారు కదా, మన దగ్గర అది మామూలే. ‘కిట్స్’ అంటే హన్మకొండ వాళ్లకు కాకతీయ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్. హుజురాబాద్ పక్కన సింగాపూర్‌లో ఉన్న కమలా ఇన్‌స్టిట్యూట్‌ను కూడా కిట్స్ అనే అంటారు. ఎస్సార్ ఇంజినీరింగ్ కాలేజీ 2020లో ఎస్సార్ యూనివర్సిటీ అయింది, పాత జాబితాల్లో పాత పేరు ఇంకా దొరకొచ్చు. ఒకే సొసైటీ కింద ఇంజినీరింగ్, ఫార్మసీ, డిగ్రీ కాలేజీలు ఒకే మొదటి పేరుతో నడవడం కూడా ఇక్కడ కొత్త కాదు. అందుకే పేరు చూసి నొక్కకూడదు, కోడ్ చూసి నొక్కాలి.

అయితే ఏ కోడ్ అనేది ఇంకో తిరకాసు. కౌన్సెలింగ్‌లో మీరు ఆప్షన్లు పెట్టినప్పుడు చూసిన నాలుగు ఇంగ్లీషు అక్షరాల కోడ్ ఎప్‌సెట్ వాళ్లది, అది సీట్ల కోసమే. యూనివర్సిటీ కోడ్ వేరు. జేఎన్టీయూ కాలేజీల హాల్‌టికెట్ నంబరులో మూడు, నాలుగు స్థానాల్లో ఉండేది అదే. మూడోది ఐషే కోడ్, తెర మీద AISHE అని కనిపిస్తుంది. దేశంలోని ప్రతి ఉన్నత విద్యా సంస్థకూ కేంద్ర విద్యాశాఖ సర్వేలో ఇచ్చే గుర్తింపు సంఖ్య అది. కాలేజీ అయితే `C-` తోనూ, యూనివర్సిటీ అయితే `U-` తోనూ మొదలవుతుంది. స్కాలర్‌షిప్‌లు, వడ్డీ సబ్సిడీ లాంటి చోట్ల రాష్ట్రం దాటినా పనికొచ్చేది ఇదే. aishe.gov.in లో వెతకొచ్చు. అంతకంటే తేలిక, కాలేజీ ఆఫీసులో ‘ఐషే కోడ్ ఎంత సార్’ అని అడగడం. బోనఫైడ్ మీదే రాయించుకుంటే ఇంకా మేలు.

పోర్టల్ పెట్టెలో కోడ్ అడిగితే ఏ కోడ్ అడుగుతోందో పక్కనే ఉంటుంది, చదవండి. జాబితాలోంచి ఎంచుకోమంటే పేరుతో పాటు జిల్లా, అడ్రసు కూడా సరిపోయాయా చూడండి. మీ నెట్ సెంటర్ అబ్బాయి ఏది నొక్కాడో లాగిన్ అయి ఇప్పుడే చూసుకోండి. నేను పనిచేసిన ఒక బ్రాంచిలో ఇలాంటిదే జరిగింది. ఒకే యాజమాన్యం నడిపే రెండు కాలేజీల్లో పిల్లవాడు చేరింది ఒకటి, అప్లికేషన్‌లో ఉన్నది ఇంకొకటి. మా వాళ్లూ గమనించలేదు, ఫీజు రెండో కాలేజీ ఖాతాలో పడింది. యాజమాన్యం ఒకటే కదా, ఆ ఖాతా నుంచి ఈ ఖాతాకు మార్చేస్తారనుకున్నాం. డబ్బు వెనక్కి రావడానికి సెమిస్టర్ అయిపోయింది, ఈలోపు ఆ పిల్లవాడిని ఫీజు బాకీ అని పరీక్ష ముందు నిలబెట్టారు.

ఇక్కడే ఇంకో మాట. మీరు ‘విద్యాలక్ష్మి’ అన్నారు, కానీ అలాంటి పేరుతో పోర్టళ్లు రెండు ఉన్నాయి. 2015లో మొదలైనది vidyalakshmi.co.in. కేంద్రం 2024 నవంబర్‌లో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకానిది pmvidyalaxmi.co.in. ఒకదాంట్లో ksh, ఇంకోదాంట్లో x. రెండో దాంట్లో తనఖా, హామీదారు లేకుండా లోను ఇస్తారు, కానీ ఆ పథకం జాబితాలో ఉన్న కాలేజీలకే. వరంగల్ నిట్ లాంటివి అందులో ఉంటాయి, ప్రతి ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ ఉండదు. మీ కాలేజీ ఆ జాబితాలో దొరక్కపోతే దగ్గరి పేరున్న కాలేజీని నొక్కి పని కానిద్దామనుకోవద్దు. అలా పెట్టిన అప్లికేషన్ బోనఫైడ్ చూసిన రోజే ఆగిపోతుంది. జాబితాలో లేకపోతే బ్యాంకుల మామూలు విద్యారుణం ఉంది, మీ అవసరానికి అది సరిపోతుంది. ఎలాగో ఫీజుల దగ్గర చెబుతాను.

కోర్సు గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. అలాట్‌మెంట్ ఆర్డర్‌లో బ్రాంచి పేరు ఎలా ఉందో అలాగే ఉండాలి. సీఎస్ఈ వేరు, సీఎస్ఈ (ఏఐ అండ్ ఎంఎల్) వేరు. ‘అంతా కంప్యూటరే కదా’ అనేది మనకు, కాలేజీ రికార్డుకు కాదు. పోర్టల్ జాబితాలో బ్రాకెట్‌లోని పేరు దొరక్కపోతే బీటెక్, కంప్యూటర్ సైన్స్ అని ఎంచుకుని, బ్రాంచి రాసుకునే ఖాళీ ఉంటే అక్కడ పూర్తి పేరు రాయండి. ఖాళీ లేకపోతే బోనఫైడ్‌లో పూర్తి పేరు ఉండేలా చూసుకుని బ్యాంకులో ఆ ముక్క చెప్పండి. ఆ తేడాను వాళ్లు అర్థం చేసుకుంటారు.

బ్రాంచి కంటే నేను ముందు చూసేది కోర్సు ఎన్నేళ్లు, ఎప్పుడు ముగుస్తుంది అన్నది. కోర్సు అయ్యాక మరో ఏడాది వరకు మామూలుగా కిస్తీ ఉండదు. ఆ లెక్క మీరు పెట్టిన ముగింపు తేదీ నుంచే నడుస్తుంది. పాలిటెక్నిక్ చేసి ఈసెట్‌తో రెండో ఏడాదిలో చేరే పిల్లలకు మూడేళ్లు, మీ బిడ్డకు నాలుగేళ్లు. నెట్ సెంటర్‌లో ముందు మనిషి వివరాలు చూసి మూడు అని కొడితే, అమ్మాయి ఫైనల్ ఇయర్ అయీ కాకముందే కిస్తీ తలుపు తడుతుంది. కోటా దగ్గర కన్వీనర్ అనే ఉండాలి. మేనేజ్‌మెంట్ సీటు అని పొరపాటున పడితే వడ్డీ సబ్సిడీ దారి మూసుకుపోతుంది.

ఇక ఫీజు. మీ అప్లికేషన్‌లో అన్నిటికంటే పెద్ద తప్పు ఇదే. లక్షా ఐదు వేలను నాలుగుతో హెచ్చిస్తే 4,20,000. అబ్బాయి దాన్ని నాలుగు లక్షలు చేశాడు. ఎందుకో నాకు తెలుసు. నాలుగు లక్షల లోపైతే మన వాటా అంటూ మార్జిన్ కట్టక్కర్లేదు, హామీ అడగరు అని నెట్ సెంటర్లలో చెప్పుకుంటారు. అందులో నిజం లేకపోలేదు. కానీ ఏడున్నర లక్షల దాకా కూడా ప్రభుత్వ గ్యారంటీ నిధి కింద తనఖా, మూడో మనిషి పూచీ లేకుండా ఇచ్చే ఏర్పాటు ఉంది. తల్లిదండ్రుల్లో ఒకరు కలిసి సంతకం పెడితే చాలు. నాలుగు లక్షలే అడిగి, హాస్టల్ ఖర్చుకు మిర్చి పంట మీద షావుకారు దగ్గర అప్పు తేవడం ఎందుకు? ఒకసారి శాంక్షన్ అయ్యాక పెంచమని వెళ్తే మళ్లీ మొదటి నుంచి ఫైలు నడపాలి.

మీ అంకెలతోనే వేసి చూద్దాం, మీరు చెప్పనివి నేను అంచనా వేస్తాను. మొదటి ఏడాది ట్యూషన్ 1,05,000. పరీక్ష ఫీజు, కాలేజీ తీసుకునే ఇతర ఫీజులు కలిపి 6,000 అనుకుందాం. హాస్టల్ 75,000, పుస్తకాలు 4,000, ల్యాప్‌టాప్ 45,000. కలిపితే 2,35,000. తర్వాతి మూడేళ్లలో ల్యాప్‌టాప్ ఉండదు కాబట్టి ఏడాదికి 1,90,000, మూడేళ్లకు 5,70,000. నాలుగేళ్ల మొత్తం 8,05,000.

ఇప్పుడు రీయింబర్స్‌మెంట్. బీసీ పిల్లలకు ర్యాంకు పది వేలు దాటితే ట్యూషన్ ఫీజులో ఏడాదికి 35,000 దాకా ప్రభుత్వం ఇస్తుంది. ఊళ్లలో ఉండేవాళ్లకు ఆదాయ పరిమితి లక్షన్నర. మీ సర్టిఫికెట్ ఆ లోపు ఉంటే నాలుగేళ్లకు 1,40,000 తీసేయాలి. మిగిలేది 6,65,000. నాలుగు లక్షలు దాటిన లోనుకు సాధారణంగా 5 శాతం మన వాటా అడుగుతారు, అది 33,250. అంటే మీరు అడగాల్సిన లోను సుమారు 6,31,750. ఏడున్నర లక్షల గీత లోపలే ఉంది. రీయింబర్స్‌మెంట్ తీసేయకుండా మొత్తం 8,05,000 మీద అడిగితే 5 శాతం పోగా కూడా 7,64,750 అవుతుంది. గీత దాటుతుంది, అప్పుడు తనఖాకు ఆస్తి కాగితాలు తెమ్మంటారు. ఒక్క అంకె తేడాతో సంగతి తనఖా దాకా వెళ్తుంది, చూశారా.

రీయింబర్స్‌మెంట్ టైముకు రాదు కదా సార్, ఆ 35 వేలు కూడా లోనులోనే పెడదాం అని మీకు అనిపిస్తుంది. రాకపోవడం నిజమే. అయినా దాచవద్దనే చెబుతాను. అలాట్‌మెంట్ ఆర్డర్ చూస్తే అర్హత సంగతి ఎలాగూ బయటపడుతుంది. ఒకే ఫీజుకు అటు ప్రభుత్వం, ఇటు బ్యాంకు ఇచ్చినట్టు తేలితే మీ బిడ్డ మాటే తేలికవుతుంది. బదులుగా కాలేజీని ఒక మాట అడిగి తెలుసుకోండి, ఆ 35 వేలు వచ్చేదాకా ఆగుతారా, ముందు కట్టించుకుని తర్వాత తిరిగిస్తారా అని. ముందు కట్టించుకునే కాలేజీ అయితే ఆ ముక్క ఫీజు స్ట్రక్చర్‌లోనే రాసి ఇమ్మనండి. అప్పుడు బ్యాంకు మొదటి ఏడాది పూర్తి ట్యూషన్ ఇచ్చి, రీయింబర్స్‌మెంట్ వచ్చినప్పుడు లోనుకు జమ చేయించుకునే అవకాశం గురించి మేనేజరుతో మాట్లాడొచ్చు. మేనేజర్ ఒప్పుకుంటేనే సుమా, ఇది హక్కుగా అడిగేది కాదు.

కౌన్సెలింగ్‌లో ఆన్‌లైన్‌లో మీరు ఇప్పటికే కట్టిన డబ్బుకు రసీదు ఉంది కదా, దాన్ని భద్రంగా పెట్టండి. రసీదులోని అంకెను ఏడాది ఫీజుగా పోర్టల్‌లో రాయకూడదు, అదీ ఏడాది మొత్తం ఫీజూ ఒకటే కాకపోవచ్చు. కానీ మీరు కట్టేసిన మొత్తాన్ని రసీదు చూపిస్తే లోను నుంచి తిరిగి ఇచ్చే బ్యాంకులు ఉన్నాయి, ఆలస్యం చేయకుండా అడగాలి.

పోర్టల్‌లో ఈ అంకెలను ఏడాదివారీగా, ఖర్చువారీగా వేర్వేరు గళ్లలో నింపాలి, ఒకే మొత్తంగా కాదు. పుస్తకాలు, ల్యాప్‌టాప్ లాంటివన్నీ కలిపి కోర్సు మొత్తం ఫీజులో 20 శాతం దాటకూడదనే లెక్క బ్యాంకులు చూస్తాయి. మీకు ట్యూషనే 4,20,000, అందులో 20 శాతం 84,000. మీరు పెట్టేది ల్యాప్‌టాప్ 45,000, నాలుగేళ్ల పుస్తకాలు 16,000, మొత్తం 61,000. ఇబ్బంది లేదు. లక్ష రూపాయల ల్యాప్‌టాప్ పెడితే మాత్రం కోస్తారు.

చివరగా, మీ ఫైలును అసలు ఆపిన కాగితం దగ్గరికి వస్తాను. అలాట్‌మెంట్ ఆర్డర్ మీద పైనే ‘ప్రొవిజనల్’ అని ఉంటుంది, చూడండి. మీది మొదటి విడత. రెండో విడత, చివరి విడత ఉంటాయి, ఆ తర్వాత అదే కాలేజీలో బ్రాంచి మారే స్లైడింగ్ ఉంటుంది. ఇవాళ వచ్చిన సీటు వచ్చే నెలకు ఇంకో కాలేజీలో ఉండొచ్చు. బ్యాంకుకు అది తెలుసు. అందుకే ఆర్డర్ ‘సీటు ఇచ్చారు’ అనడానికి రుజువు గానీ ‘చేరింది’ అనడానికి కాదు. చేరినట్టు చెప్పాల్సింది కాలేజీయే. సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి, కాలేజీకి వెళ్లి సర్టిఫికెట్లు ఇచ్చాక వాళ్లిచ్చే అడ్మిషన్ లెటర్ లేదా బోనఫైడ్ ఉండాలి. విడతలు ఇంకా నడుస్తుంటే, మీ బిడ్డ ఇంకో కాలేజీకి ఆప్షన్లు పెట్టాలనుకుంటే, అది తేలాకే బోనఫైడ్ తెచ్చుకోండి. ఈ ఇరవై రోజుల్లో సీటు మారి ఉంటే మాత్రం పాత ఆర్డర్‌తో ముందుకు పోకండి, మారిన వివరాలతోనే అంతా సరిచేయాలి.

బోనఫైడ్ అంటే నాలుగు లైన్ల కాగితం. లెటర్‌హెడ్ మీద అమ్మాయి పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి, ఇంటిపేరు పూర్తిగానో పొడి అక్షరమో మెమోలో ఎలా ఉంటే అలా. మీ పేరు, బీటెక్, బ్రాంచి పూర్తి పేరు, నాలుగేళ్ల కోర్సు, ఏ విద్యా సంవత్సరంలో చేరింది, కన్వీనర్ కోటా, తేదీ, ప్రిన్సిపల్ సంతకం, ముద్ర ఉండాలి. ఫీజు స్ట్రక్చర్ వేరే కాగితం. నాలుగేళ్లకూ ఏడాదివారీగా ఇవ్వమనండి. ఒక్క మొదటి ఏడాదికే ఇచ్చి చేతులు దులుపుకునే ఆఫీసులున్నాయి, దాంతో మీరు మళ్లీ తిరగాలి. కాలేజీ హాస్టలైతే హాస్టల్ ఫీజు కూడా అందులోనే ఉండాలి. ఇంకో సంగతి, కాలేజీలో ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చే ముందే అన్నీ రెండు సెట్లు జిరాక్స్ తీసుకోండి. ఇచ్చేశాక బ్యాంకు అడిగితే కాలేజీ గుమ్మం ఎక్కి దిగాల్సి వస్తుంది.

ఇవి ఫోన్ ఫోటోలుగా పెట్టకండి. పక్కకు వంగిన ఫోటో, మూల తెగిన ముద్ర, చీకటి, వీటిని పెద్దది చేసి చూస్తే ఏమీ కనిపించదు. స్కాన్ చేయించి పీడీఎఫ్ చేయండి, అన్ని పేజీలూ ఒకే ఫైల్లో ఉండాలి. సైజు ఎంత లోపు ఉండాలో అప్‌లోడ్ గడి పక్కనే రాసి ఉంటుంది. తగ్గించేటప్పుడు అక్షరాలు చెరిగిపోకూడదు. అప్‌లోడ్ చేశాక ఒకసారి మీరే తెరిచి ముద్ర, తేదీ చదవగలుగుతున్నారా చూడండి. మీరు చదవలేకపోతే బ్యాంకులో ఆయనా చదవలేడు.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఇదీ. ముందు నెట్ సెంటర్‌కు వెళ్లి లాగిన్‌కు పెట్టిన ఫోన్ నంబరు, ఈమెయిల్ ఎవరివో చూడండి. ఆ అబ్బాయివే పెట్టి ఉంటే బ్యాంకు ఇరవై రోజుల నుంచి పంపే మెసేజీలు అతనికి వెళ్తున్నాయి, మీకు కాదు. అలా ఉంటే మీ బిడ్డ నంబరుకు మార్పించండి. తర్వాత కాలేజీలో బోనఫైడ్, నాలుగేళ్ల ఫీజు స్ట్రక్చర్ తీసుకుని, అప్లికేషన్ నంబరుతో మీరు ఎంచుకున్న బ్యాంకు బ్రాంచికి మీరూ మీ బిడ్డా వెళ్లండి. పోర్టల్‌లో దిద్దుకునే వీలు ఇంకా ఉందా, లేక వాళ్లే వెనక్కి పంపాలా అని అక్కడ అడగండి. ఎలాగైనా చేతిలో ఒక దరఖాస్తు పెట్టుకోండి, ఇలా రాస్తే చాలు:

‘మేనేజర్ గారికి. నా విద్యారుణం అప్లికేషన్ నంబరు ఫలానా. అందులో కాలేజీ, బ్రాంచి, ఫీజు వివరాలు పొరపాటుగా పడ్డాయి. సరైన కాలేజీ పేరు, ఐషే కోడ్ ఇవి. కోర్సు బీటెక్, సీఎస్ఈ (ఏఐ అండ్ ఎంఎల్), నాలుగేళ్లు, కన్వీనర్ కోటా. నాలుగేళ్ల ఖర్చు 8,05,000, రీయింబర్స్‌మెంట్ 1,40,000, నా వాటా 33,250, అడుగుతున్న లోను 6,31,750. బోనఫైడ్, ఫీజు స్ట్రక్చర్ జతచేశాను. సరిచేయగలరు.’

కింద బిడ్డ సంతకం, మీ సంతకం. నేను అంచనా వేసిన అంకెల చోట కాలేజీ కాగితంలోని అంకెలు వేసుకోండి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో స్టాంపు వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.